చిన్న త్రిభుజానికీ పెద్ద త్రిభుజానికీ ఒకే సైన్ ఎందుకు?

త్రికోణమితి పట్టికలో 35 డిగ్రీలకు ఎదురుగా టాంజెంట్ విలువ 0.7002 అని ఉంటుంది. కోణం ఎంతో చెబితే చాలు, పట్టిక సంఖ్య ఇస్తుంది. ఆ కోణం ఉన్న త్రిభుజం అరచేతిలో ఇమిడేదా, ఊరంత పెద్దదా అని అడగదు. నిజానికి మనం పాఠంలో నేర్చుకునే నిర్వచనంలో కోణం కన్నా ముందు భుజాలే కనిపిస్తాయి. ఎదుటి భుజాన్ని కర్ణంతో భాగిస్తే సైన్, ఆసన్న భుజాన్ని కర్ణంతో భాగిస్తే కొసైన్, ఎదుటి భుజాన్ని ఆసన్న భుజంతో భాగిస్తే టాంజెంట్. ఏ త్రిభుజపు భుజాలు అన్న ప్రశ్న మాత్రం నిర్వచనంలో ఎక్కడా లేదు. 35 డిగ్రీల లఘుకోణం ఉన్న లంబకోణ త్రిభుజాలు లెక్కలేనన్ని ఉన్నాయి. వాటిలో ఒక్కొక్కటి ఒక్కో సంఖ్యను ఇచ్చే మాటైతే "35 డిగ్రీల సైన్" అనే మాటకే అర్థం ఉండదు. కాబట్టి ఆ నిర్వచనం కింద ఒక సిద్ధాంతం దాగి ఉంది: కోణం మారనంత కాలం త్రిభుజం ఎంత పెరిగినా, ఎంత తగ్గినా ఆ నిష్పత్తులు మారవు. పదో తరగతి పుస్తకంలో సరూప త్రిభుజాల పాఠాన్ని త్రికోణమితి కన్నా ముందు పెట్టడానికి కారణం ఇదే. కానీ రెండు పాఠాల మధ్య నెలల దూరం ఉండడం వల్ల, మొదటిది రెండోదానికి పునాది అన్న సంగతి చాలామంది విద్యార్థుల దృష్టికి రాకుండానే పోతుంది.

ముందుగా కాగితం మీద చూద్దాం. A అనే బిందువు నుంచి అడ్డంగా ఒక కిరణం గీసి, కోణమానినితో 35 డిగ్రీలు కొలిచి, అదే బిందువు నుంచి ఏటవాలుగా రెండో కిరణం గీయాలి. అడ్డ కిరణం మీద A నుంచి 5, 10, 20 సెంటీమీటర్ల దూరంలో మూడు గుర్తులు పెట్టి, ప్రతి గుర్తు దగ్గరా మూలమట్టం ఆనించి, ఏటవాలు కిరణాన్ని తాకేదాకా నిలువు గీత గీయాలి. ఇప్పుడు ఒకే శీర్షం నుంచి బయలుదేరిన మూడు లంబకోణ త్రిభుజాలు ఒకదానిలో ఒకటి ఇమిడి ఉంటాయి. నిలువు గీతలను కొలిస్తే వరుసగా 3.5, 7.0, 14.0 సెంటీమీటర్లు వస్తాయి. ఏటవాలు భుజాలు, అంటే కర్ణాలు, 6.1, 12.2, 24.4 వస్తాయి. నిలువు భుజాన్ని అడ్డ భుజంతో భాగిస్తే మూడు చోట్లా 0.7, నిలువు భుజాన్ని కర్ణంతో భాగిస్తే మూడు చోట్లా సుమారు 0.574, అడ్డ భుజాన్ని కర్ణంతో భాగిస్తే మూడు చోట్లా సుమారు 0.82. పట్టికలో ఉన్నవి 0.7002, 0.5736, 0.8192. స్కేలుతో చేసిన పనికి ఇంతకన్నా దగ్గరి ఫలితం ఆశించలేం.

అయితే ఈ పనిని తరగతిలో నలభై మంది చేస్తే నలభై మందికీ ఇంత చక్కగా రాదు. తేడా ఎక్కడ నుంచి వచ్చిందో సంఖ్యలే చెబుతాయి కాబట్టి, ఆ తేడాలను చెరిపేసి "సరైన" విలువ రాసుకునే బదులు వాటిని చదవడం మేలు. స్కేలు మీద అర మిల్లీమీటరు అటూఇటూ కావడం మామూలే. అడ్డ భుజం 2 సెంటీమీటర్లే ఉన్న త్రిభుజంలో ఆ అర మిల్లీమీటరు టాంజెంట్‌ను 0.025 మేర కదిలిస్తుంది. 20 సెంటీమీటర్ల త్రిభుజంలో 0.0025 మేర మాత్రమే కదిలిస్తుంది. అంటే పొడవులు కొలవడంలో పొరపాటు జరిగితే మూడు త్రిభుజాల నిష్పత్తులు ఒకదానితో ఒకటి కలవవు, చిన్న త్రిభుజం అన్నిటికన్నా ఎక్కువగా తప్పుతుంది. కోణమానినిని సరిగా పెట్టక 35 బదులు 36 డిగ్రీలు గీసినప్పుడు జరిగేది వేరు. అప్పుడు నిలువు భుజాలు 3.6, 7.3, 14.5 వస్తాయి, నిష్పత్తులు 0.72, 0.73, 0.725. ఇవి తమలో తాము కలుస్తాయి, పట్టికతో మాత్రం కలవవు. కారణం స్పష్టమే: మూడు త్రిభుజాలకూ ఆ తప్పు కోణం ఒకటే. గీసినవాడు తాను అనుకున్న కోణాన్ని గీయలేదు, కానీ గీసిన కోణానికి నిష్పత్తి స్థిరంగానే ఉంది.

మూడో రకం పొరపాటు ఇంకా ఆసక్తికరం. మూలమట్టం అంచు అరిగిపోయి, "నిలువు" గీతలన్నీ 90 డిగ్రీలకు బదులు 88 డిగ్రీలతో, అన్నీ ఒకే వైపుకు ఒరిగి వచ్చాయనుకుందాం. అప్పుడు కూడా మూడు త్రిభుజాల నిష్పత్తులు ఒకదానితో ఒకటి చక్కగా కలుస్తాయి. అవి లంబకోణ త్రిభుజాలు కాకపోయినా, మూడింటిలోనూ కోణాలు ఒకటే కాబట్టి అవి సరూపాలే. ఈ తప్పును పట్టుకోవాలంటే నిష్పత్తులను పోల్చడం సరిపోదు. రెండు చిన్న భుజాల వర్గాల మొత్తం కర్ణం వర్గానికి సమానమవుతోందో లేదో చూడాలి. నిష్పత్తి స్థిరంగా ఉండటానికి లంబకోణం తప్పనిసరి కాదని కూడా దీనివల్ల తెలుస్తోంది. లంబకోణం చేసే పని మరొకటి: ఒక కోణం 90 అని ముందే తేలిపోవడం వల్ల, ఒక్క లఘుకోణం చెబితే చాలు, మూడో కోణం కూడా తేలిపోతుంది. త్రిభుజం ఆకారాన్ని ఒకే ఒక్క సంఖ్యతో చెప్పగలగడం లంబకోణ త్రిభుజానికి ఉన్న సౌలభ్యం.

కొలతలు కలవడం కారణం కాదు. మూడు త్రిభుజాల్లో నిష్పత్తి ఒకటే అయినంత మాత్రాన నాలుగోదానిలోనూ అంతే అవుతుందన్న హామీ లేదు, పైగా 0.7002, 0.7003 అనే రెండు సంఖ్యల మధ్య తేడా స్కేలుకు కనిపించదు. కారణాన్ని తర్కంతోనే రాబట్టాలి.

మొదటి మెట్టు చాలా సులువు, కానీ అసలు పని చాలావరకు అక్కడే పూర్తవుతుంది. ఒకే లఘుకోణం ఉన్న ఏవైనా రెండు లంబకోణ త్రిభుజాలను తీసుకుని, చిన్నదాన్ని పెద్దదాని మీద పెట్టాలి. ఆ లఘుకోణపు శీర్షాలు కలవాలి, ఆసన్న భుజాలు ఒకే గీత మీద పడాలి. త్రిభుజం అటు తిరిగి ఉంటే కాగితాన్ని బోర్లించి పెట్టవచ్చు, దానివల్ల పొడవులు మారవు. కోణాలు సమానం కాబట్టి కర్ణాలు కూడా ఒకే కిరణం మీద పడతాయి. ఎదుటి భుజాలు రెండూ ఆసన్న భుజపు గీతకు లంబంగా ఉన్నాయి కాబట్టి ఒకదానికొకటి సమాంతరంగా ఉంటాయి. అంటే, 35 డిగ్రీల కోణమున్న లంబకోణ త్రిభుజాలన్నీ వేరువేరు త్రిభుజాలు కానే కావు. ఒకే కోణాన్ని సమాంతరమైన నిలువు గీతలతో వేరువేరు దూరాల్లో కోసిన ముక్కలు. ఇక అడగవలసింది ఒక్కటే: కోత దూరం జరిగితే, ఎత్తు కూడా దూరం ఎంత రెట్లు పెరిగిందో సరిగ్గా అన్ని రెట్లే ఎందుకు పెరగాలి?

దీనికి తరగతి గదుల్లో సాధారణంగా చెప్పే సమాధానం ఒకటుంది. అడ్డ భుజాన్ని రెట్టింపు చేస్తే, మొదటి త్రిభుజానికి సర్వసమానమైన మరో త్రిభుజాన్ని దాని పక్కన, కర్ణం ఆగిన చోటు నుంచి పైకి అమర్చినట్టే అవుతుంది. కాబట్టి ఎత్తు కూడా రెట్టింపవుతుంది. మూడు రెట్లకు మూడు త్రిభుజాలు, ఒకటిన్నర రెట్లకు సగం సైజు త్రిభుజాలు మూడు. ఈ వాదన తప్పు కాదు, కానీ అది పూర్ణసంఖ్యల దగ్గరా భిన్నాల దగ్గరా ఆగిపోతుంది. పెద్ద భుజం చిన్న భుజానికి √2 రెట్లు ఉంటే, రెండింటినీ సరిగ్గా కొలవగల ఉమ్మడి ముక్క ఏదీ దొరకదు, అది ఎంత చిన్నదైనా సరే. కరణీయ సంఖ్యల దగ్గర ఎదురయ్యే ఈ చిక్కు ప్రాచీన గ్రీకు గణితవేత్తలకు బాగా తెలుసు. అందుకే యూక్లిడ్ తన గ్రంథంలో సరూపతను లెక్కపెట్టే పద్ధతిలో కాకుండా వైశాల్యాల సహాయంతో నిరూపించాడు. ఇక్కడ నేను చూపించబోయే దారి కూడా వైశాల్యాలదే. అందులో వాడే కీలకమైన విషయం యూక్లిడ్ మొదటి భాగంలోనే 43వ ప్రతిపాదనగా ఉంది. నాకు తెలిసినంతలో ఇంతకన్నా పొట్టి దారి లేదు.

చిన్న త్రిభుజం ABC అనుకుందాం: AB అడ్డంగా, BC నిలువుగా, AC కర్ణం. పెద్ద త్రిభుజం ADE: AD అడ్డంగా, DE నిలువుగా, AE కర్ణం. చిన్నదాన్ని పెద్దదాని మీద పెట్టాం కాబట్టి B అనేది AD మీద, C అనేది AE మీద ఉన్నాయి. ఇప్పుడు పెద్ద త్రిభుజానికి పైన మరో సగాన్ని చేర్చి దీర్ఘచతురస్రంగా పూర్తి చేయాలి. దానికి AE కర్ణం అవుతుంది. C గుండా ఒక నిలువు గీత, ఒక అడ్డ గీత దీర్ఘచతురస్రం అంచులదాకా గీస్తే అది నాలుగు చిన్న దీర్ఘచతురస్రాలుగా విడిపోతుంది. కర్ణం AE వాటిలో రెండింటి గుండా మాత్రమే వెళుతుంది: A దగ్గర ఉన్న ఎడమ కింది దాని గుండా, E దగ్గర ఉన్న కుడి పై దాని గుండా. మిగిలిన రెండూ, అంటే కుడి కిందిదీ ఎడమ పైదీ, కర్ణానికి చెరో పక్కన ముక్క కాకుండా నిలుస్తాయి.

కర్ణం ఏ దీర్ఘచతురస్రాన్నైనా రెండు సమాన భాగాలు చేస్తుంది. కాబట్టి పెద్ద దీర్ఘచతురస్రంలో కర్ణానికి కింద ఉన్న వైశాల్యం, పైన ఉన్న వైశాల్యం సమానం. ఎడమ కింది చిన్నదానిలోనూ కర్ణం కింది సగం, పై సగం సమానం. కుడి పై చిన్నదానిలోనూ అంతే. పెద్ద సగాల నుంచి ఈ చిన్న సగాలను తీసివేస్తే కింద మిగిలేది కుడి కింది దీర్ఘచతురస్రం, పైన మిగిలేది ఎడమ పై దీర్ఘచతురస్రం. సమానాల నుంచి సమానాలను తీసివేశాం కాబట్టి ఆ రెండూ సమానం కాక తప్పదు.

AB ని b అని, BC ని a అని, AD ని b′ అని, DE ని a′ అని రాసుకుందాం. కుడి కింది దీర్ఘచతురస్రం వెడల్పు b′ − b, ఎత్తు a. ఎడమ పైదాని వెడల్పు b, ఎత్తు a′ − a. వాటి వైశాల్యాలు సమానం కాబట్టి:

```
(b′ − b) × a = b × (a′ − a)
b′a − ba = ba′ − ba
b′a = ba′
a/b = a′/b′
```

చివరి వరుసే టాంజెంట్ మారదన్న మాట. ఇందులో ఎక్కడా భుజాలను ముక్కలుగా లెక్కపెట్టలేదు, b′ అనేది b కి ఎన్ని రెట్లో అడగలేదు. అది √2 రెట్లయినా మరే సంఖ్య రెట్లయినా వాదన ఇలాగే సాగుతుంది. సంఖ్యలతో సరిచూసుకోవాలంటే b = 10, a = 7 గా ఉన్న మన త్రిభుజాన్నే తీసుకుని b′ = 25 అనుకుందాం. అప్పుడు a′ = 17.5. కుడి కింది వైశాల్యం 15 × 7 = 105, ఎడమ పై వైశాల్యం 10 × 10.5 = 105. పొరపాటున a′ విలువను 17 అని తీసుకుంటే ఎడమ పై వైశాల్యం 100 కు పడిపోతుంది. అంటే ఆ పెద్ద త్రిభుజపు కర్ణం C గుండా పోవడం లేదు, కోణం 35 డిగ్రీలు కాదు.

సైన్, కొసైన్‌ల సంగతి ఇక త్వరగా తేలిపోతుంది. పెద్ద త్రిభుజపు రెండు భుజాలూ చిన్నదాని భుజాలకు ఒకే k రెట్లు ఉన్నాయని ఇప్పుడు తెలుసు. పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం పెద్ద కర్ణపు వర్గం (ka)² + (kb)², అంటే k²(a² + b²), అంటే k²c²; ఇక్కడ c చిన్న త్రిభుజపు కర్ణం. కాబట్టి పెద్ద కర్ణం kc. మూడు భుజాలూ k రెట్లు పెరిగాయి. ఏ రెండింటిని తీసుకుని భాగించినా లవంలో ఒక k, హారంలో ఒక k ఉంటాయి, అవి రద్దవుతాయి.

రద్దు కావడం అన్న ఈ చిన్న విషయం దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ఏది మారదో, ఏది మారుతుందో అక్కడే తెలుస్తుంది. కొందరు విద్యార్థులు సరూపత అంటే భుజాల మధ్య "తేడా" నిలిచి ఉండటం అనుకుంటారు. 10, 7 భుజాలున్న త్రిభుజానికి రెండు వైపులా 10 చొప్పున కలిపితే 20, 17 అవుతాయి. తేడా ఇంకా 3 గానే ఉంది, కానీ టాంజెంట్ 0.85 అయింది, కోణం 35 నుంచి సుమారు 40.4 డిగ్రీలకు లేచింది. పెంచడం అంటే కలపడం కాదు, గుణించడం. అలాగే త్రిభుజ వైశాల్యాన్ని కర్ణంతో భాగిస్తే వచ్చేది స్థిరంగా ఉండదు: వైశాల్యంలో k రెండుసార్లు ఉంటుంది, కర్ణంలో ఒక్కసారే ఉంటుంది, కాబట్టి ఒక k మిగిలిపోతుంది. వైశాల్యాన్ని కర్ణపు వర్గంతో భాగిస్తే మాత్రం స్థిరంగా ఉంటుంది. సైన్, కొసైన్, టాంజెంట్‌లలో ప్రత్యేకమైన మహిమ ఏమీ లేదు. పొడవును పొడవుతో భాగించాం కాబట్టి అవి సైజును మరచిపోయాయి, అంతే. ఇదే విషయాన్ని ప్రమాణాల వైపు నుంచి కూడా చూడవచ్చు. ఒకే త్రిభుజాన్ని ఒకరు సెంటీమీటర్లలో, మరొకరు అంగుళాల్లో కొలిస్తే సంఖ్యలన్నీ ఒకే గుణకంతో మారతాయి. సెంటీమీటర్లను సెంటీమీటర్లతో భాగించినా, అంగుళాలను అంగుళాలతో భాగించినా వచ్చేది ప్రమాణం లేని అదే సంఖ్య.

ఇంకో సంగతి కూడా చెప్పి ముందుకు వెళ్లాలి. ఒకే కోణానికి ఒకే నిష్పత్తి అని మాత్రమే నిరూపించాం; వేరు కోణాలకు వేరు నిష్పత్తులు వస్తాయని కూడా తెలియాలి, లేకపోతే నిష్పత్తి నుంచి కోణాన్ని వెనక్కి రాబట్టలేం. అడ్డ భుజాన్ని 10 దగ్గర కదలకుండా ఉంచి ఏటవాలు కిరణాన్ని పైకి లేపితే నిలువు భుజం పెరుగుతూనే పోతుంది, ఎక్కడా తగ్గదు. కాబట్టి 0 నుంచి 90 డిగ్రీల లోపు ప్రతి కోణానికీ తనదైన టాంజెంట్ ఉంటుంది. పై ఉదాహరణలో 0.85 నుంచి 40.4 డిగ్రీలకు మనం వెళ్లగలిగింది అందువల్లే.

ఈ సిద్ధాంతాన్ని చేతిలో ఉంచుకుని, సైన్‌కు పూర్వరూపమైన భారతీయ జ్యా పట్టికలను చూస్తే వాటి తీరు బాగా అర్థమవుతుంది. 499లో ఆర్యభటుడు ఆర్యభటీయంలో ఇచ్చిన విలువలు నిష్పత్తులు కావు, పొడవులు. ఆయన వృత్తపు పరిధిని డిగ్రీకి 60 చొప్పున 21,600 కళలుగా తీసుకున్నాడు. దానికి సరిపోయే వ్యాసార్ధం 3438. ఆ వృత్తంలో 30 డిగ్రీల జ్యా, అంటే 60 డిగ్రీల చాపపు రెండు కొనలను కలిపే గీతలో సగం, 1719. బ్రహ్మగుప్తుడు 628లో రాసిన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో వ్యాసార్ధం 3270, అందువల్ల అదే కోణానికి జ్యా 1635. వరాహమిహిరుడు 120 వ్యాసార్ధం తీసుకున్నాడు, ఆయనకు అది 60. మూడు పట్టికలను పక్కపక్కన పెట్టి చూసినవారికి అవి వేరువేరు విషయాలు చెబుతున్నట్టు అనిపిస్తుంది. కానీ వ్యాసార్ధం ఇక్కడ లంబకోణ త్రిభుజపు కర్ణం, జ్యా దాని ఎదుటి భుజం. ఎదుటి భుజాన్ని కర్ణంతో భాగిస్తే మూడు చోట్లా సరిగ్గా సగం వస్తుంది. 45 డిగ్రీలకు ఆర్యభటుడి విలువ 2431, బ్రహ్మగుప్తుడిది 2312. వాటిని వారివారి వ్యాసార్ధాలతో భాగిస్తే 0.7071, 0.7070. నాలుగో స్థానంలో కనిపించే తేడా సిద్ధాంతానిది కాదు, పూర్ణసంఖ్యకు సవరించి రాయడం వల్ల వచ్చినది. ఈనాటి పాఠ్యపుస్తకం చేసే పని వ్యాసార్ధాన్ని 1 అని పెట్టుకోవడమే. అప్పుడు భాగహారం చేయకుండానే పొడవు నిష్పత్తి అయిపోతుంది. ఏ వ్యాసార్ధమైనా ఎంచుకునే స్వేచ్ఛ వీరందరికీ ఇచ్చింది సరూపతే.

ఇంతవరకూ వచ్చాక అడగవలసిన ప్రశ్న ఒకటుంది: నిరూపణలో మనం గమనించకుండా ఒప్పుకున్నది ఏమైనా ఉందా? ఉంది. దీర్ఘచతురస్రాన్ని పూర్తి చేయవచ్చు అన్నాం. నాలుగు లంబకోణాలు, ఎదురెదురు భుజాలు సమానం, C గుండా గీసిన గీతలు ఆ దీర్ఘచతురస్రాన్ని మళ్లీ నాలుగు దీర్ఘచతురస్రాలుగానే విడదీస్తాయి, ఇవన్నీ సమాంతర రేఖల గురించి యూక్లిడ్ పెట్టుకున్న ఐదవ స్వీకృతం మీద ఆధారపడ్డ మాటలు. అవి చదునైన తలం మీద నిజం. గోళంలా వంపు తిరిగిన తలం మీద దీర్ఘచతురస్రమే ఉండదు, కాబట్టి అక్కడ మన వాదన మొదటి అడుగులోనే ఆగిపోతుంది. వాదన ఆగినంత మాత్రాన ఫలితం తప్పు కావాలని లేదు; మరో దారిలో నిరూపణ దొరకవచ్చు. కానీ ఇక్కడ ఫలితమే తప్పుతుంది, ఎంత తప్పుతుందో లెక్క కట్టి చెప్పవచ్చు.

భూమిని గుండ్రటి గోళం అనుకుని, దాని ఉపరితలం మీదే త్రిభుజం గీద్దాం. గోళం మీద సరళరేఖకు బదులుగా వచ్చేది మహావృత్తం, అంటే గోళ కేంద్రం గుండా పోయే తలం ఉపరితలాన్ని కోసే వృత్తం. భూమధ్యరేఖ మీద A అనే చోటు నుంచి, భూమధ్యరేఖతో 35 డిగ్రీల కోణం చేస్తూ ఈశాన్యంగా ఒక మహావృత్తం బయలుదేరుతుంది. భూమధ్యరేఖ వెంట తూర్పుగా కొంత దూరం వెళ్లి B దగ్గర ఆగి, అక్కడి నుంచి నేరుగా ఉత్తరానికి, ఆ మహావృత్తాన్ని C దగ్గర కలిసేదాకా వెళ్లాలి. ఉత్తర దిక్కు భూమధ్యరేఖకు లంబం కాబట్టి B దగ్గర లంబకోణం ఉంది. కాగితం మీద చేసిన పనే ఇది, కాగితం మాత్రం గుండ్రమైంది. గోళీయ త్రికోణమితి ప్రకారం B, C ల మధ్య దూరం a, A, B ల మధ్య దూరం b రెండూ డిగ్రీల్లో ఉంటే:

```
tan a = sin b × tan 35°
```

A నుంచి B దాకా ఒక డిగ్రీ, అంటే సుమారు 111 కిలోమీటర్లు వెళితే BC ని AB తో భాగించగా 0.7001 వస్తుంది, కాగితం మీది 0.7002 కు దాదాపు అదే. 30 డిగ్రీలు, అంటే సుమారు 3,300 కిలోమీటర్లు వెళితే నిష్పత్తి 0.643 కు దిగుతుంది. 60 డిగ్రీల దగ్గర 0.52. 90 డిగ్రీలు, అంటే భూమి చుట్టులో నాలుగో వంతు, సుమారు 10,000 కిలోమీటర్లు వెళ్లాక BC సరిగ్గా 35 డిగ్రీలు. నిష్పత్తి 35/90, అంటే 0.389. ఆ ఆఖరి త్రిభుజంలో మరో వింత ఉంది: AC కూడా 90 డిగ్రీలే, C దగ్గర కోణం కూడా లంబకోణమే. మూడు కోణాల మొత్తం 215 డిగ్రీలు. భుజాలను భాగించి సైన్, టాంజెంట్ అని పిలుద్దామంటే రెండూ 0.389 అవుతాయి, కొసైన్ 1 అవుతుంది. 35 డిగ్రీల కోణానికి ఇలాంటి విలువలు ఏ పట్టికలోనూ ఉండవు.

గోళం మీద నిజానికి సరూప త్రిభుజాలే లేవు. రెండు గోళీయ త్రిభుజాల్లో మూడు కోణాలూ సమానమైతే వాటి భుజాలు కూడా సమానమే, అంటే అవి సర్వసమానాలు. త్రిభుజం పెద్దదయ్యే కొద్దీ దాని కోణాల మొత్తం 180 దాటి ఇంకా పెరుగుతుంది కాబట్టి, కోణాలను చూస్తేనే సైజు తెలిసిపోతుంది. సైజు పెంచి కోణాలను అలాగే ఉంచడమన్నది చదునైన తలం మీద మాత్రమే కుదిరే పని. కోణాన్ని ఇచ్చి పొడవును అడగని పట్టిక సాధ్యమైంది ఆ చదును వల్లే.

భూమి మీద నిలబడి కొలిచేవారికి ఇది ఆచరణలో ఎంత దూరం నుంచి అడ్డొస్తుంది? చెట్టు ఎత్తు, మేడ ఎత్తు, చెరువు వెడల్పు కొలిచేటప్పుడు అసలు అడ్డురాదు. అక్కడ మన పరికరాల తప్పులు ఇంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. దేశాన్నంతా త్రిభుజాలుగా విడదీసి కొలిచే సర్వేలో మాత్రం అడ్డొస్తుంది. విలియం ల్యాంబ్టన్ 1802లో మద్రాసులో ఆధారరేఖ కొలిచి మొదలుపెట్టిన మహా త్రికోణమితీయ సర్వే అలాంటిదే. భూమి మీద సుమారు 200 చదరపు కిలోమీటర్ల వైశాల్యానికి త్రిభుజ కోణాల మొత్తం 180 డిగ్రీలకు ఒక సెకను చొప్పున ఎక్కువ వస్తుంది. ఒక సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు. ఒక్కో భుజం 30 కిలోమీటర్లు ఉన్న సమబాహు త్రిభుజానికి వైశాల్యం సుమారు 390 చదరపు కిలోమీటర్లు, కాబట్టి అధికం సుమారు రెండు సెకన్లు. కోణాలు కొలిచే సర్వే పరికరమైన థియోడొలైట్ మంచిదైతే పట్టుకోగలిగిన పరిమాణమే ఇది.

దీనికి 18వ శతాబ్దం చివర్లో ఫ్రెంచి గణితవేత్త లెజాండ్ర్ చూపిన ఉపాయం సర్వేయర్లకు బాగా పనికొచ్చింది. త్రిభుజం భూమి సైజుతో పోలిస్తే చిన్నదైనప్పుడు, అధికంలో మూడో వంతును ఒక్కో కోణం నుంచి తీసివేయాలి. మన త్రిభుజంలో ఒక్కో కోణం నుంచి సుమారు 0.66 సెకను. అలా సవరించాక కోణాల మొత్తం సరిగ్గా 180 అవుతుంది. ఆపైన అదే భుజాలున్న త్రిభుజాన్ని చదునైన కాగితం మీద ఉన్నట్టు భావించి, మామూలు సైన్ పట్టికతోనే మిగిలిన భుజాలను లెక్కించవచ్చు.